క్యూఆర్ కోడ్‌లో తెలుగు సలహా పడుతుందా? ముద్రణకు ముందు బైట్ల లెక్క

విత్తన సంచులపైన, ప్రదర్శన క్షేత్రాల పలకలపైన, భూసార పరీక్ష ఫలితాల పత్రాలపైన క్యూఆర్ కోడ్ ముద్రించడం నేడు సాధారణమైంది. వీటిలో ఎక్కువ భాగం ఏదో ఒక వెబ్ చిరునామాను మాత్రమే మోస్తాయి. ఫోనుకు సిగ్నల్ అందని పొలంలో అటువంటి కోడ్ వల్ల ప్రయోజనం ఉండదు. సలహా పాఠాన్నే నేరుగా కోడ్‌లో ఇమిడిస్తే అంతర్జాలం లేకుండానే రైతు దానిని చదువుకోగలడు. అయితే కోడ్‌లో పట్టే పాఠానికి ఒక హద్దు ఉంది. ఆ హద్దును అక్షరాలలో కాక బైట్లలో కొలుస్తారు. తెలుగు సలహాను అక్షరాల సంఖ్య చూసి అంచనా వేస్తే లెక్క తప్పుతుంది. తప్పిన చోట కోడ్ ఫోనుకు అందనంత సన్నగా ముద్రితం కావచ్చు, లేదా సలహా చివరి వాక్యం తెగిపోవచ్చు. మన సలహాలలో చివరి వాక్యం తరచుగా "చేయరాదు" అని చెప్పే హెచ్చరిక. కనుక తెలుగు పాఠాన్ని యూటీఎఫ్-8లోకి మార్చి బైట్లు లెక్కించే పద్ధతిని, ఆ లెక్కను చీటీ కొలతతో సరిచూసే విధానాన్ని ఒక ఉదాహరణతో ఈ వ్యాసంలో వివరిస్తున్నాము.

అక్షరం వేరు, బైటు వేరు

క్యూఆర్ కోడ్‌ను 1994లో జపాన్‌కు చెందిన డెన్సో సంస్థ రూపొందించింది. అందులో సమాచారాన్ని నింపడానికి ప్రధానంగా నాలుగు పద్ధతులు ఉన్నాయి. అంకెలకు ఒకటి, ఆంగ్ల పెద్దక్షరాలతో కూడిన పాఠానికి ఒకటి, జపాన్ వారి కంజి లిపికి ఒకటి, మిగిలిన సమస్తానికి బైట్ పద్ధతి. తెలుగుకు ప్రత్యేక పద్ధతి లేదు. కనుక తెలుగు పాఠం ముందుగా బైట్ల వరుసగా మారి, ఆ తరువాతనే కోడ్‌లో చేరుతుంది. ఈ మార్పుకు నేడు ఫోన్లన్నీ గుర్తించే రీతి యూటీఎఫ్-8.

యూనికోడ్‌లో తెలుగు లిపికి కేటాయించిన ప్రతి సంకేతమూ యూటీఎఫ్-8లో 3 బైట్లు తీసుకుంటుంది. ఆంగ్ల అక్షరం, 0 నుండి 9 వరకు అంకెలు, ఖాళీ, చుక్క, కామా, అడ్డగీత ఒక్కొక్కటి 1 బైటు మాత్రమే. ఇక్కడ సంకేతం అన్న మాటను జాగ్రత్తగా గ్రహించాలి. మనం బడిలో నేర్చిన అక్షరం యూనికోడ్‌లో ఒకే సంకేతం కానక్కరలేదు. హల్లు ఒక సంకేతం, గుణింతపు గుర్తు మరొకటి, సున్న మరొకటి, ఒత్తును కలిపే పొల్లు కూడా విడిగా ఒక సంకేతమే.

రెండు మాటలను పోల్చి చూద్దాం. "వరి" కంటికి రెండక్షరాలు. అందులో వ, ర, గుడి అనే మూడు సంకేతాలు ఉన్నాయి. అంటే 9 బైట్లు. "క్షేత్రం" కూడా కంటికి రెండక్షరాలే. కాని అందులో క, పొల్లు, ష, ఏత్వం, త, పొల్లు, ర, సున్న అనే ఎనిమిది సంకేతాలు ఉన్నాయి. అంటే 24 బైట్లు. కంటికి ఒకే పొడవుగా కనబడే ఈ రెండు మాటల మధ్య 15 బైట్ల తేడా ఉంది. ఒత్తులు అధికంగా ఉండే శాస్త్రీయ పదజాలం కోడ్‌ను త్వరగా నింపివేయడానికి కారణం ఇదే.

కనుక చేతి లెక్కకు సూత్రం సరళమైనది. పాఠంలోని తెలుగు సంకేతాల సంఖ్యను T, ఒక్క బైటు తీసుకునే గుర్తుల సంఖ్యను A అనుకుంటే:

```
B = 3T + A
```

ఖాళీలను, పంక్తి మార్పులను కూడా A లో చేర్చాలి. తెలుగు అంకెలు వాడితే ఒక్కొక్కటి 3 బైట్లు అవుతుంది కనుక మోతాదులను సాధారణ అంకెలలోనే వ్రాయడం పొదుపు.

హద్దును నిర్ణయించేది చీటీ వెడల్పు

క్యూఆర్ కోడ్ గరిష్ఠ సామర్థ్యం 2,953 బైట్లు అన్న సంఖ్య తరచుగా వినబడుతుంది. అది అన్నిటికంటె పెద్దదైన 40వ వెర్షన్‌కు, అతి తక్కువ దోష సవరణ ఉన్నప్పుడు మాత్రమే వర్తిస్తుంది. ఆ కోడ్‌లో అడ్డంగా 177, నిలువుగా 177 గడులు ఉంటాయి. గడి ఒక్కొక్కటి అర మిల్లీమీటరు చొప్పున, చుట్టూ విడువవలసిన తెల్లని అంచుతో కలిపి, అది 92.5 మిల్లీమీటర్ల వెడల్పు అవుతుంది. విత్తన నమూనా సంచికి కట్టే చీటీ మీద అంత చోటు ఉండదు. కనుక లెక్కను 2,953 నుండి కాక చీటీ వెడల్పు నుండి ప్రారంభించాలి.

వెర్షన్ సంఖ్యను V అనుకుంటే ఒక వైపు గడుల సంఖ్య 4V + 17. దీనికి ఇరువైపులా నాలుగేసి గడుల తెల్లని అంచు, అంటే మరొక 8 గడులు కలుస్తాయి. మన ఉదాహరణలో చీటీపై కోడ్‌కు లభించే చోటు 40 మిల్లీమీటర్లు. ముద్రణ యంత్రం అంగుళానికి 203 చుక్కలు వేసే సాధారణ థర్మల్ ప్రింటరు. అది మిల్లీమీటరుకు సుమారు 8 చుక్కలు వేస్తుంది. గడి వెడల్పు ఎప్పుడూ పూర్ణ సంఖ్యలో చుక్కలు ఉండాలి. పొలంలో దుమ్ము, తేమ, తక్కువ వెలుతురు దృష్ట్యా గడికి 4 చుక్కలు, అనగా 0.5 మిల్లీమీటరు తీసుకుందాం.

40 మిల్లీమీటర్లలో అటువంటి గడులు 80 పడతాయి. అంచుకు 8 పోగా 72 మిగులుతాయి. 13వ వెర్షన్‌కు 69 గడులు, 14వ వెర్షన్‌కు 73 గడులు కావాలి. కనుక ఈ చీటీకి 13వ వెర్షనే హద్దు.

ఇక దోష సవరణ. కోడ్‌లో కొంత భాగం చెరిగినా చదవగలిగేలా అదనపు సమాచారం చేర్చడాన్ని దోష సవరణ అంటారు. దీనికి ఎల్, ఎం, క్యూ, హెచ్ అనే నాలుగు స్థాయులున్నాయి. ఇవి వరుసగా సుమారు 7, 15, 25, 30 శాతం నష్టాన్ని పూడ్చగలవు. స్థాయి పెరిగిన కొద్దీ పాఠానికి మిగిలే చోటు తగ్గుతుంది. 13వ వెర్షన్‌లో బైట్ సామర్థ్యం ఎల్ స్థాయిలో 425, ఎం స్థాయిలో 331, క్యూ స్థాయిలో 241, హెచ్ స్థాయిలో 177. చేతులు మారుతూ నలిగే చీటీకి ఎల్ స్థాయి చాలదు కనుక ఎం స్థాయిని తీసుకుందాం.

ఈ 331లో ఒక బైటును ముందే మినహాయించాలి. "ఈ పాఠం యూటీఎఫ్-8లో ఉంది" అని చదివే పరికరానికి తెలిపే ఈసీఐ అనే గుర్తును కొన్ని సాఫ్ట్‌వేర్లు కోడ్ ఆరంభంలో చేరుస్తాయి. అది 12 బిట్లు తీసుకుంటుంది. బైట్ పద్ధతిలో సాధారణంగా చివర 4 బిట్లు వృథాగా మిగులుతాయి. అవి పోగా పాఠం నుండి తగ్గేది సరిగ్గా ఒక బైటు. సాఫ్ట్‌వేర్ ఈ గుర్తును చేర్చినా చేర్చకపోయినా సరిపోవాలంటే మన హద్దు 330 బైట్లు.

ఒక సలహాకు పూర్తి లెక్క

వరిలో జింకు లోపానికి ఇచ్చే సలహాను పరిశీలిద్దాం. పైరుపై లోపం కనబడినప్పుడు పిచికారీ, నేలలో వేసేటప్పుడు పాటించవలసిన జాగ్రత్త రెండూ అందులో ఉన్నాయి.

```
వరిలో జింకు లోపం
లీటరు నీటికి 2 గ్రా. జింకు సల్ఫేటు కలిపి 5 రోజుల వ్యవధిలో 2 లేదా 3 సార్లు పిచికారీ చేయాలి.
జింకు సల్ఫేటును భాస్వరం ఎరువులతో కలిపి వేయరాదు.
```

| పంక్తి | తెలుగు సంకేతాలు | ఒక బైటు గుర్తులు | బైట్లు |
|---|---|---|---|
| మొదటిది | 14 | 2 | 44 |
| రెండవది | 69 | 21 | 228 |
| మూడవది | 41 | 6 | 129 |
| పంక్తి మార్పులు | 0 | 2 | 2 |
| మొత్తం | 124 | 31 | 403 |

సంకేతాల మొత్తం 155 మాత్రమే. "331 పట్టే చోట 155 ఉన్నాయి, సగం ఖాళీయే" అనిపించడం సహజం. కాని బైట్లలో అది 403, అంటే హద్దు కంటె 73 ఎక్కువ.

ఈ స్థితిలో మూడు మార్గాలున్నాయి. మొదటిది, కోడ్‌ను పెద్దది చేయడం. ఎం స్థాయిలో 14వ వెర్షన్‌కు 362 బైట్లే కనుక చాలదు. 15వ వెర్షన్‌కు 412 కనుక సరిపోతుంది. దానికి అంచుతో కలిపి 85 గడులు, అనగా 42.5 మిల్లీమీటర్లు కావాలి. చీటీని మార్చగలిగితే ఇది మంచి మార్గమే. రెండవది, ఎల్ స్థాయికి దిగడం. అప్పుడు 425 బైట్లు లభిస్తాయి, పాఠం మొత్తం పడుతుంది. కాని చెరుగుదలను తట్టుకునే శక్తి సగానికి తగ్గుతుంది. గదిలో గోడకు అంటించే పత్రానికి ఇది చాలును, పొలం చీటీకి తగదు. మూడవది, అర్థం చెడకుండా పాఠాన్ని కుదించడం.

```
వరిలో జింకు లోపం
లీటరు నీటికి 2 గ్రా. జింకు సల్ఫేటు. 5 రోజులకోసారి, 2-3 సార్లు పిచికారీ.
దీన్ని భాస్వరం ఎరువులతో కలిపి వేయరాదు.
```

ఇందులో పంక్తులు వరుసగా 44, 175, 104 బైట్లు; పంక్తి మార్పులకు 2. మొత్తం 325. హద్దుకు ఇంకా 5 బైట్లు మిగిలాయి. కుదింపులో మోతాదు, వ్యవధి, ఎన్నిసార్లు అన్నది, హెచ్చరిక చెక్కుచెదరలేదు. "వ్యవధిలో", "కలిపి", "చేయాలి", "లేదా" వంటి మాటలు మాత్రమే పోయాయి. మూడవ పంక్తిలో "జింకు సల్ఫేటును" బదులు "దీన్ని" అన్నందువల్ల 25 బైట్లు ఆదా అయ్యాయి. "దీన్ని" కూడా తీసివేస్తే మరొక 19 బైట్లు మిగిలేవి. కాని అప్పుడు దేనిని కలపరాదో స్పష్టం కాదు. హద్దులో ఉన్నప్పుడు స్పష్టతను బలి ఇవ్వనక్కరలేదు.

కంటికి కనబడని బైట్లు

5 బైట్ల మిగులు ఎంత సులభంగా హరించుకుపోతుందో గమనించాలి. వర్డ్ ప్రాసెసరులో టైపు చేస్తే "2-3" లోని చిన్న అడ్డగీత తనంతట తానే పొడుగు గీతగా మారవచ్చు. ఆ గీతకు 3 బైట్లు. అంటే 2 బైట్లు పెరిగి పాఠం 327 అవుతుంది. ఫైలు ఆరంభంలో కొన్ని సాఫ్ట్‌వేర్లు చేర్చే గుర్తు మరొక 3 బైట్లు; ఇప్పుడు సరిగ్గా 330. విండోస్‌లో పంక్తి మార్పుకు రెండేసి బైట్లు వ్రాయడం ఆనవాయితీ. రెండు పంక్తి మార్పులకు మరొక 2 బైట్లు చేరి 332 అవుతుంది, హద్దు దాటుతుంది. తెరపై పాఠం మాత్రం మొదట వ్రాసినట్లే కనబడుతుంది.

తెలుగులో మరొక ప్రత్యేక కారణం ఉంది. ఆంగ్ల పదానికి పొల్లు పెట్టి వెంటనే విభక్తి చేర్చినప్పుడు, అది ఒత్తుగా మారకుండా మధ్యలో కనబడని విభజన సంకేతం ఒకటి చేరుస్తాము. "సల్ఫేట్‌ను" అన్న రూపంలో ఇటువంటిది ఉంది, దానికి 3 బైట్లు. ఆ రూపం మొత్తం 30 బైట్లు. అదే అజంతంగా "సల్ఫేటును" అని వ్రాస్తే 27 బైట్లు. తెలుగు నుడికారానికి దగ్గరైన రూపమే ఇక్కడ పొదుపైనది కూడా. రూపాయి గుర్తు, వంకర కొటేషన్ గుర్తులు సైతం 3 బైట్లవే. ఉష్ణోగ్రతకు వాడే డిగ్రీ గుర్తు 2 బైట్లు.

కంప్యూటరుపై తనిఖీ

చేతి లెక్క సూత్రం అర్థం కావడానికి ఉపకరిస్తుంది. పదుల సంఖ్యలో చీటీలు తయారు చేసేటప్పుడు లెక్కను యంత్రానికి అప్పగించాలి. పైథాన్‌లో ఈ చిన్న ప్రోగ్రాము చాలు.

```python
import unicodedata
HADDU = 330
with open("salaha.txt", encoding="utf-8-sig") as f:
    s = unicodedata.normalize("NFC", f.read()).strip()
n = len(s.encode("utf-8"))
print(len(s), n, HADDU - n)
for c in s:
    if ord(c) > 127 and not 0x0C00 <= ord(c) <= 0x0C7F:
        print(hex(ord(c)), unicodedata.name(c, "?"))
if n > HADDU:
    raise SystemExit("haddu daatindi")
```

`utf-8-sig` ఫైలు ఆరంభపు గుర్తును తొలగిస్తుంది. ఫైలును పాఠంగా తెరిచినందువల్ల పంక్తి మార్పులు ఒక్కొక్క బైటుకు తగ్గుతాయి. `NFC` ఒకే అక్షరాన్ని రెండు విధాల వ్రాసే వీలున్న చోట కుదించిన రూపాన్ని ఎంచుకుంటుంది. ఉదాహరణకు ఐత్వాన్ని రెండు సంకేతాలుగా వ్రాసి ఉంటే ఒకటిగా కలిపి 3 బైట్లు తగ్గిస్తుంది. మధ్యనున్న భాగం తెలుగు కాని, ఒక్క బైటు కాని ప్రతి గుర్తునూ పేరుతో చూపుతుంది. కనబడని విభజన సంకేతం, పొడుగు గీత ఇక్కడ బయటపడతాయి.

మొదటి పాఠానికి ఈ ప్రోగ్రాము `155 403 -73` అని చూపి ఆగిపోతుంది. కుదించిన పాఠానికి `127 325 5` అని చూపుతుంది. ఒక నియమాన్ని తప్పక పాటించాలి. తనిఖీ చేసిన `s` నే కోడ్ తయారీకి పంపాలి. ఒక పాఠాన్ని లెక్కించి, వేరొక చోట నుండి నకలు చేసిన పాఠాన్ని ముద్రిస్తే తనిఖీకి అర్థం లేదు. వెర్షన్‌ను 13గా, స్థాయిని ఎం గా స్థిరపరచాలి. అలా చేయకపోతే పాఠం హద్దును దాటితే సాఫ్ట్‌వేర్ మౌనంగా 14వ వెర్షన్‌కు వెళుతుంది. దానిని 40 మిల్లీమీటర్లలో ఇరికిస్తే గడి వెడల్పు 0.494 మిల్లీమీటరు అవుతుంది. అప్పుడు ప్రింటరు కొన్ని గడులకు 4 చుక్కలు, కొన్నిటికి 3 చుక్కలు వేస్తుంది. చదవడం కష్టమయ్యేది అక్కడే.

తెగిన సలహా తెచ్చే ప్రమాదం

కోడ్ తయారు చేసే సాఫ్ట్‌వేర్ సాధారణంగా పాఠాన్ని కత్తిరించదు, పట్టకపోతే తిరస్కరిస్తుంది. కత్తిరింపు దానికంటె ముందే, వివరాలు భద్రపరచే పట్టికలోనో, చీటీల సాఫ్ట్‌వేర్ గడిలోనో జరుగుతుంది. మొదటి పాఠాన్ని 330 బైట్ల గడిలో ఉంచితే మూడవ పంక్తి "జింకు సల్ఫేటును భాస్" వద్ద ఆగుతుంది. కోత యాదృచ్ఛికంగా సంకేతాల సరిహద్దులో పడినందువల్ల చెడిన గుర్తు ఏదీ కనబడదు. ఒక బైటు అటు ఇటు అయితే � వంటి గుర్తు కనబడి లోపం బయటపడేది.

390 బైట్ల వద్ద తెగితే పరిస్థితి మరింత తీవ్రం. అప్పుడు మిగిలేది "జింకు సల్ఫేటును భాస్వరం ఎరువులతో కలిపి వేయ". తెలుగు వాక్యంలో వ్యతిరేకార్థం క్రియ చివరన ఉంటుంది. "వేయరాదు" లో "రాదు" పోతే నిషేధం సిఫారసుగా చదవబడే అవకాశం ఉంది. ఈ రెండింటినీ నేలలో కలిపి వేస్తే జింకు కరగని ఫాస్ఫేటు రూపంలోకి మారి పైరుకు అందదు. అంటే సలహా ఏ లోపాన్ని సరిదిద్దడానికి ఉద్దేశించబడినదో దానినే కొనసాగిస్తుంది.

కనుక హద్దు దాటిన పాఠాన్ని ప్రోగ్రాము తిరస్కరించాలే తప్ప కత్తిరించరాదు. అదనపు రక్షణగా పాఠం చివర `#` గుర్తు చేర్చవచ్చు. అది ఒక్క బైటే. మన పాఠం 326 అవుతుంది. చీటీపై కోడ్ పక్కన "చివర # కనబడకపోతే సందేశం అసంపూర్ణం" అని ముద్రిస్తే చదివేవారే పూర్తయినదీ లేనిదీ గుర్తించగలరు. చోటు ఉన్న చీటీలలో నిషేధాన్ని మోతాదు కంటె ముందు ఉంచడం మరింత మేలు.

ముద్రించిన తరువాత

మొదటి చీటీని ముద్రించగానే మూడు విషయాలు చూడాలి. మొదటిది, కోడ్‌లో ఒక వైపు గడులను లెక్కించాలి. 69 ఉంటే 13వ వెర్షన్. 73 ఉంటే పాఠంలో ఎక్కడో అదనపు బైట్లు చేరాయని అర్థం. రెండవది, అంతర్జాలం ఆపివేసిన సాధారణ ఫోనుతో చదివించి, వచ్చిన పాఠాన్ని అసలు పాఠంతో అక్షరం అక్షరం పోల్చాలి. మూడవది, పాఠానికి బదులు ఈ విధమైన వరుస కనబడుతుందేమో చూడాలి.

```
à°µà°°à°¿
```

ఇది "వరి" అన్న మాటే. తొమ్మిది బైట్లను యూటీఎఫ్-8గా కాక పశ్చిమ ఐరోపా లిపిగా చదివినందువల్ల తొమ్మిది గుర్తులుగా కనబడింది. బైట్లు చెడలేదు, చదివే పరికరం వాటిని తప్పుగా అర్థం చేసుకుంది. ఈసీఐ గుర్తును చేర్చి మళ్ళీ ముద్రిస్తే ఆ గుర్తును గౌరవించే పరికరాలలో ఇది సరిపడుతుంది. మొదట్లో ఒక బైటును మినహాయించి ఉంచినందువల్ల అలా మార్చినా పాఠాన్ని తిరిగి కుదించవలసిన అవసరం రాదు. `#` తో కలిపి 326 బైట్ల పాఠం, 330 హద్దు, 69 గడులు, 38.5 మిల్లీమీటర్ల కోడ్ అన్నవి చీటీ నమూనాతో పాటు నమోదు చేసి ఉంచితే, వచ్చే పంటకాలంలో సలహా మారినప్పుడు ఎన్ని బైట్లలో మార్చవచ్చో వెంటనే తెలుస్తుంది.